రెండు ఫోన్లలో ఒకే పాల ఖాతా: ఫ్లైట్ మోడ్‌లో అంతా సరిగ్గానే ఉంది, తండాలో లెక్క తప్పుతోంది

డిండి_డెవలపర్ | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర. మా దగ్గరి పాల కేంద్రానికి నేనొక ఆండ్రాయిడ్ యాప్ రాసిచ్చాను. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, ఫ్యాట్ ఎంత వచ్చింది, దాణా బస్తాలు ఎన్ని తీసుకున్నాడు, పదిహేను రోజులకు బిల్లు ఎంత, అన్నీ అందులోనే. యాప్ రెండు ఫోన్లలో ఉంటుంది. ఒకటి కేంద్రంలో పాలు కొలిచే అబ్బాయి దగ్గర, ఇంకోటి సెక్రటరీ గారి దగ్గర. ఇద్దరూ అదే ఖాతాలో రాయొచ్చు, దిద్దొచ్చు. కేంద్రం గుట్ట కింద తండాలో ఉంది. అక్కడ సిగ్నల్ ఒక నిమిషం ఉంటే పది నిమిషాలు ఉండదు. అందుకే నెట్ లేకపోయినా పనిచేసేలా రాశాను. ఎంట్రీ ముందు ఫోన్లో సేవ్ అవుతుంది, నెట్ రాగానే సర్వర్‌కు పోతుంది.

పోయిన వారం 112 నంబరు రైతు గొడవ పెట్టుకున్నాడు. ఆయన దాణా బాకీ 1,200 ఉండేది. పొద్దున కేంద్రంలో ఇంకో బస్తా తీసుకున్నాడు, 1,100. అబ్బాయి ఫోన్లో బాకీ 2,300 అయింది. అప్పుడు నెట్ లేదు. అదే పొద్దున సెక్రటరీ గారింటికి వెళ్లి 500 కట్టాడు. ఆయన ఫోన్లోనూ ఆ సమయానికి నెట్ లేదు, 1,200లోంచి 500 తీసేస్తే 700 అని చూపించింది. మధ్యాహ్నానికి రెండు ఫోన్లూ సింక్ అయ్యాయి. రెండింట్లోనూ 700. రావాల్సింది 1,800. ఈసారి రైతుకే లాభం కాబట్టి గొడవ చిన్నది. ఆయన కోపమల్లా "మీ యాప్‌లో లెక్క రోజుకో తీరు ఉంటుంది" అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నేను టెస్ట్ చేయకుండా ఇవ్వలేదు. ఫ్లైట్ మోడ్ పెట్టి పది ఎంట్రీలు కొట్టడం, తీసేయడం, అన్నీ సర్వర్‌కు వచ్చాయా చూడటం, ఇలా ఇరవై సార్లు చేశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంకా ఏం టెస్ట్ చేయాలో చెప్పండి.

జడ్చర్ల_మొబైల్స్ | శనివారం, రాత్రి 9:41

తమ్మీ, రెండు ఫోన్లలోనూ ఒకే జీమెయిల్ అకౌంట్‌తో లాగిన్ చేసి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కిందికి వెళ్లి సింక్ ఆన్ చెయ్యి. కాంటాక్టులు, క్యాలెండర్ రెండింట్లోనూ ఒకేలా వస్తాయి. మా షాపుకు వచ్చే చాలామందికి అది ఆఫ్‌లోనే ఉంటుంది.

డిండి_డెవలపర్ | శనివారం, రాత్రి 9:45

అన్నా, అది కాదు. కాంటాక్టుల సింక్ గురించి అడగట్లేదు. నేను రాసిన యాప్‌లో డేటా గురించి. అయినా చూసినందుకు థాంక్స్.

పాలమూరు_కోడర్ | శనివారం, రాత్రి 10:02

ఇది తేలికే బ్రో. నువ్వు ఎవరు చివర రాస్తే వాళ్లది ఉంచుతున్నావు కదా, టైమ్ ఎక్కడిది తీసుకుంటున్నావు? ఫోన్ టైమ్ అయితే అదే తప్పు. ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు. సర్వర్ టైమ్ పెట్టు, అయిపోతుంది. మా ఆఫీసులో కూడా ఇలాగే చేశాం.

మిర్యాల_టెస్టర్ | శనివారం, రాత్రి 10:50

డిండి తమ్ముడూ, నీ ఇరవై టెస్టులూ ఒక్క ఫోన్‌తో చేసినవే. ఒక ఫోన్ నెట్ లేకుండా రాసి, నెట్ వచ్చాక పంపడం అంటే వరుసలో నిలబడ్డట్టే. అక్కడ గొడవ రావడానికి ఇంకో మనిషే లేడు. నీ తప్పు రెండు ఫోన్లూ ఒకే పాత అంకె మీద నిలబడి వేర్వేరుగా మార్చినప్పుడే బయటపడుతుంది. టేబుల్ మీద రెండు ఫోన్లు పెట్టుకుని, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి మొదలుపెట్టు. వైఫైతో కలపొద్దు, వైఫై తీసేయగానే నీ పట్టు పోతుంది.

```
adb devices
adb -s PHONE_A shell svc wifi disable
adb -s PHONE_A shell svc data disable
```

PHONE_A ఉన్నచోట మొదటి కమాండ్ చూపించిన సీరియల్ నంబరు వేసుకో. రెండో ఫోన్‌కూ అంతే. తిరిగి నెట్ ఇవ్వడానికి `enable`. చేత్తో చేసినా ఫలితం అదే, కానీ యాభై సార్లు చేయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఒకచోట మరిచిపోతుంది.

ఇప్పుడు 112 నంబరు కథనే మళ్లీ ఆడించు. రెండు ఫోన్లూ నెట్‌లో ఉన్నప్పుడు బాకీ 1,200 అని రెండింట్లోనూ కనపడాలి. ఇది చూసుకోకుండా మొదలుపెడితే టెస్ట్‌కు అర్థం లేదు. తర్వాత రెండింటికీ నెట్ తీసేయి. ఒకదాంట్లో బస్తా, ఇంకోదాంట్లో 500 జమ. మొదట ఒక ఫోన్‌కు నెట్ ఇవ్వు, తర్వాత రెండోదానికి, ఎంత వచ్చిందో చూడు. రాసుకో. మళ్లీ మొదటికి వచ్చి ఈసారి రెండో ఫోన్‌కు ముందు నెట్ ఇవ్వు. నీ కోడ్ ఇప్పుడున్నట్టే ఉంటే ఒకసారి 700, ఒకసారి 2,300 వస్తుందని నా అంచనా. ఎవరు ముందు సిగ్నల్ దగ్గరికి నడిచారన్న దాన్నిబట్టి బాకీ మారితే అది బాకీ కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. రెండు ఫోన్లూ సర్వరూ ఒకే అంకె చూపించాయని టెస్ట్ పాస్ అనుకోవద్దు. నీ కేసులో మూడూ 700 దగ్గర చక్కగా కలిశాయి. కలిసి తప్పు చెప్పాయి. టెస్ట్ మొదలుపెట్టే ముందే కాగితం మీద 1,800 అని రాసి పెట్టుకోవాలి. పోల్చాల్సింది ఆ కాగితంతో.

పాలమూరు తమ్ముడు చెప్పిన దానికి రేపు పొద్దున రాస్తాను. అందులో సగం నిజం ఉంది, మిగతా సగం ప్రమాదం.

నల్లమల_సిస్టర్ | ఆదివారం, ఉదయం 6:35

నేను కోడ్ రాసేదాన్ని కాదు. ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేస్తాను, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో. మాకు ఇచ్చిన ట్యాబ్‌లో ఇలాంటి బాధే వేరే రకంగా ఉంది. నెట్ లేకుండా ముప్పై ఇళ్లు రాసుకుని మన్ననూరు రోడ్డుకు వచ్చాక పంపిస్తాను. సగంలో చక్రం తిరుగుతూ తిరుగుతూ "పంపలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తుంది. మళ్లీ నొక్కుతాను. తర్వాత చూస్తే కొన్ని ఇళ్లు రెండుసార్లు ఉంటాయి. పైనుంచి ఫోన్, "అదే ఇంటికి రెండుసార్లు ఎందుకు రాశావు" అని. నేను ఒక్కసారే రాశాను. మీ పాల లెక్కలో కూడా ఒకే పూట పాలు రెండుసార్లు పడుతున్నాయేమో చూసుకోండి. మా దగ్గరైతే పేర్లు, మీ దగ్గర డబ్బులు.

మిర్యాల_టెస్టర్ | ఆదివారం, ఉదయం 8:10

సిస్టర్ గారూ, మీ తప్పు లేదు. మీరు పంపింది సర్వర్‌కు చేరింది, అది రాసుకుంది కూడా. "ముట్టింది" అన్న జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ట్యాబ్‌కు తెలిసింది జవాబు రాలేదనే. అందుకే మళ్లీ పంపమంది. దీని గురించి కింద మళ్లీ రాస్తాను, డిండి తమ్ముడికీ ఇదే తగులుతుంది.

ముందు పాలమూరు తమ్ముడి మాట. ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు అన్నావు, అది పూర్తిగా నిజం. కానీ సర్వర్ టైమ్ అంటే ఏ టైమ్? సర్వర్‌కు తెలిసేది ఎంట్రీ తన దగ్గరికి చేరిన టైమ్. మనిషి దిద్దిన టైమ్ దానికి తెలియదు. కేంద్రం అబ్బాయి పొద్దున 6:30కి నెట్ లేకుండా 112 పాలు 6.5 అని కొట్టాడనుకో, ఆ మాట సెక్రటరీకి ఫోన్ చేసి చెప్పాడు, ఆయన తన ఫోన్లో కూడా రాశాడు. 9 గంటలకు స్లిప్ చూసి 5.6 అని దిద్దాడు. ఆయనకు నెట్ ఉంది, వెంటనే సర్వర్‌కు పోయింది. అబ్బాయి ఫోన్ మధ్యాహ్నం 12కి సిగ్నల్‌లోకి వచ్చింది. సర్వర్ లెక్కన ఇప్పుడు చివరగా వచ్చింది 6.5. అందరికంటే పాత రాత, అందరికంటే చివర చేరింది కాబట్టి గెలిచింది. ఎంత ఎక్కువసేపు సిగ్నల్ లేకుండా ఉంటే అంత బలం వస్తుంది ఈ పద్ధతిలో.

పాలమూరు_కోడర్ | ఆదివారం, ఉదయం 8:32

ఇది ఆలోచించలేదు అక్కా. మా ఆఫీసులో అందరూ ఎప్పుడూ నెట్‌లోనే ఉంటారు, చేరిన టైమూ దిద్దిన టైమూ ఒకటే అవుతుంది. అందుకే మాకు ఎప్పుడూ తేడా రాలేదు.

మరి ఫోన్ టైమే తీసుకుని, ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో ఉంటేనే యాప్ తెరుచుకునేలా చేస్తే?

జడ్చర్ల_మొబైల్స్ | ఆదివారం, ఉదయం 9:05

రాత్రి నేను ప్రశ్న తప్పుగా చదివాను, ఏమనుకోవద్దు తమ్మీ. కానీ టైమ్ సంగతి నాకు బాగా తెలుసు. రిపేరుకు వచ్చే ఫోన్లలో తేదీ ముందుకో వెనక్కో ఉన్నవి వారానికి కొన్ని చూస్తాను. ఎక్కువగా పిల్లల పని. గేమ్‌లో లైఫ్ అయిపోతే తేదీ ఒకరోజు ముందుకు జరిపితే మళ్లీ వస్తుందని ఆటోమేటిక్ టైమ్ తీసేస్తారు, తిరిగి పెట్టరు. ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదు. వాట్సాప్ "మీ ఫోన్ తేదీ తప్పుగా ఉంది" అన్నప్పుడే నా దగ్గరికి వస్తారు. పది నిమిషాల తేడా అయితే అది కూడా రాదు, ఎవరూ గమనించరు. సెక్రటరీ గారింట్లో పిల్లలుంటే ఆ ఫోన్ ఒకసారి చూడండి.

డిండి_డెవలపర్ | ఆదివారం, ఉదయం 9:50

అన్నా, మీకు దండం. ఇప్పుడే సెక్రటరీ గారింటికి వెళ్లి చూశాను. ఆటోమేటిక్ టైమ్ ఆఫ్‌లో ఉంది. ఫోన్ 7 నిమిషాలు ముందు నడుస్తోంది. నా కోడ్‌లో ఉన్నది ఫోన్ టైమే. అంటే ఇన్నాళ్లూ ఇద్దరూ దగ్గర దగ్గరగా దిద్దిన ప్రతిసారీ సెక్రటరీ గారిదే గెలిచింది. అబ్బాయి ఎన్నోసార్లు అన్నాడు, "అన్నా, నేను దిద్దితే నిలబడదు" అని. నేను వాడు సేవ్ నొక్కడం మరిచిపోతున్నాడనుకున్నాను. వాడికి సారీ చెప్పాను.

మిర్యాల_టెస్టర్ | ఆదివారం, ఉదయం 11:15

ఇదే టెస్ట్‌గా రాసిపెట్టుకో తమ్ముడూ. ఒక ఫోన్లో ఆటోమేటిక్ టైమ్ తీసి, సెట్టింగ్స్‌లోనే పది నిమిషాలు ముందుకు జరుపు. ఆ ఫోన్లో 7:00కి దిద్దు, అది 7:10 అని రాసుకుంటుంది. రెండో ఫోన్లో 7:05కి దిద్దు. నిజానికి చివరిది రెండో ఫోన్. ఫలితం మొదటి ఫోన్‌దే వస్తే నీ కోడ్ ఇంకా గడియారాన్ని నమ్ముతున్నట్టు. పాలమూరు తమ్ముడు అన్నట్టు ఆటోమేటిక్ టైమ్ తప్పనిసరి చేయొచ్చు, అది మంచి అలవాటే. కానీ పది రోజులు నెట్ లేని ఫోన్లో ఆ బటన్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన గడియారం సరిగ్గా ఉన్నట్టు కాదు.

అందుకే టైమ్‌ను పక్కన పెట్టి వెర్షన్ నంబరుకు రా. ప్రతి వరుసకూ ఒక నంబరు. ఫోన్ దిద్దినప్పుడు "నేను 7వ వెర్షన్ చూసి దిద్దుతున్నాను" అని కూడా పంపాలి. సర్వర్‌లో పని ఇంతే:

```sql
UPDATE palu
SET litres = 5.6, version = 8
WHERE id = 9041 AND version = 7;
```

ఒక వరుస మారింది అంటే మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. సున్నా వరుసలు మారాయి అంటే ఎవరో ముందే దిద్దారు, ఇది అసలైన ఘర్షణ. అప్పుడు సర్వర్ దాన్ని రాసేయకూడదు. "ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఇదీ" అని ఫోన్‌కు తిప్పి పంపాలి. గడియారాలు ఎలా ఉన్నా ఈ పద్ధతికి తేడా రాదు.

అయితే బాకీకి ఇది కూడా సరైన మందు కాదు. బస్తా తీసుకోవడం, 500 కట్టడం, ఈ రెండింటి మధ్య ఘర్షణే లేదు. రెండూ జరిగాయి. నువ్వు బాకీ అనే ఒక అంకెను నిల్వ చేసి ఇద్దరి చేతా దాన్ని చెరిపి రాయిస్తున్నావు, గొడవ నువ్వు తెచ్చిపెట్టుకున్నది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూడు. షావుకారు పాత అంకె చెరపడు, కింద ఇంకో వరుస రాస్తాడు. నీ పట్టికలో కూడా "+1,100 దాణా" ఒక వరుస, "−500 జమ" ఒక వరుస ఉండాలి. బాకీ అడిగినప్పుడు కూడి చూపించు. ఏ ఫోన్ ముందు వచ్చినా 1,800 వస్తుంది.

డిండి_డెవలపర్ | ఆదివారం, రాత్రి 8:30

ఈ రోజంతా దీని మీదే కూర్చున్నాను. బాకీని వరుసలుగా మార్చాను. అక్క చెప్పినట్టు రెండు క్రమాల్లోనూ ఆడించాను, రెండుసార్లూ 1,800. చాలా సంతోషంగా ఉంది.

తర్వాత సిస్టర్ గారు చెప్పింది గుర్తొచ్చి పాత డేటా వెతికాను. ఒకే రైతు, ఒకే పూట, అవే లీటర్లు, అదే ఫ్యాట్, రెండుసార్లు పడ్డవి దొరికాయి. నెలలో పదకొండు. టెన్షన్ పట్టుకుంది. వాటిలో కొన్నింటికి బిల్లు కూడా కట్టేశారు. దీన్ని ఇంట్లో కూర్చుని ఎలా పుట్టించాలి? సిగ్నల్ సరిగ్గా ఆ క్షణంలో పోవాలి కదా. ఫోన్ పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగాను, ఒక్కసారీ రాలేదు.

మిర్యాల_టెస్టర్ | ఆదివారం, రాత్రి 9:25

గుట్ట చుట్టూ తిరగొద్దు. నీ సర్వర్ నీ చేతిలోనే ఉంది, దానిచేతే ఆ క్షణాన్ని పుట్టించు. టెస్ట్ సర్వర్‌లో, డేటాబేస్‌లో రాసేశాక, జవాబు పంపే ముందు, ఆపు:

```java
saveEntry(entry);
if (testMode) Thread.sleep(40000);
return ok();
```

నీ ఫోన్ వైపు `OkHttp` వాడుతుంటే, ఏమీ మార్చకపోతే జవాబు కోసం 10 సెకన్లు చూసి వదిలేస్తుంది. సర్వర్ 40 సెకన్లు పడుకుంటుంది. ఫోన్ పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. ఇక ప్రతిసారీ వస్తుంది నీ జంట ఎంట్రీ, అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు.

మందు తెలిసిందే. ప్రతి ఎంట్రీకీ ఫోనే ఒక ప్రత్యేకమైన ఐడీ ఇవ్వాలి, `UUID` చాలు. సర్వర్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉండాలి, అదే ఐడీ రెండోసారి వస్తే కొత్త వరుస పుట్టకుండా "ముట్టింది" అని జవాబివ్వాలి.

```sql
INSERT INTO palu (entry_id, raitu, litres, fat)
VALUES ('...', 112, 5.6, 6.0)
ON CONFLICT (entry_id) DO NOTHING;
```

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. ఐడీని పంపేటప్పుడు తయారు చేస్తారు. అప్పుడు ప్రతి ప్రయత్నానికీ కొత్త ఐడీ వస్తుంది, సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఎంట్రీలే. కోడ్ చూస్తే అంతా ఉన్నట్టే ఉంటుంది, జంటలు పుడుతూనే ఉంటాయి. ఐడీ పుట్టాల్సింది అబ్బాయి సేవ్ నొక్కిన క్షణంలో, ఎంట్రీతో పాటే ఫోన్ డేటాబేస్‌లో కూర్చోవాలి. దీన్ని పట్టుకోవడానికి సర్వర్ ఆ 40 సెకన్లు పడుకుని ఉండగా యాప్‌ను చంపి మళ్లీ తెరువు.

```
adb -s PHONE_A shell input keyevent KEYCODE_HOME
adb -s PHONE_A shell am kill mee.app.peru
```

ముందు హోమ్ నొక్కించడం ఎందుకంటే `am kill` వెనక్కి వెళ్లిన యాప్‌నే చంపుతుంది. కొందరు దీనికి `am force-stop` వాడతారు. అది వేరే పరీక్ష. ఫోర్స్ స్టాప్ చేస్తే యాప్ పెట్టుకున్న నేపథ్య పనులన్నీ కూడా రద్దవుతాయి, మనిషి మళ్లీ తెరిచేదాకా సింక్ కదలదు. మెమరీ చాలక ఫోన్ తనంతట తాను యాప్‌ను చంపినప్పుడు జరిగేది అది కాదు. రెండూ చేయి, కానీ ఒకటి చేసి రెండోది చేశాననుకోవద్దు.

నల్లమల_సిస్టర్ | ఆదివారం, రాత్రి 9:50

ఇది చదివాక మనసు కుదుటపడింది. అర్థమైనంతవరకు మా సూపర్‌వైజర్‌కు చూపిస్తాను. ఒకటి అడుగుతాను. పంపడం ఆగిపోయినప్పుడు నేను మళ్లీ నొక్కాలా, వద్దా?

మిర్యాల_టెస్టర్ | ఆదివారం, రాత్రి 9:58

మీ యాప్ లోపల ఎలా రాశారో నాకు తెలియదు సిస్టర్ గారూ, కాబట్టి ఖాయంగా చెప్పలేను. సిగ్నల్ బాగున్న చోటుకు వచ్చాక, వీలైతే ముందు జాబితా రిఫ్రెష్ చేసి, ఆ ఇల్లు అప్పటికే చేరిందేమో చూసి అప్పుడు నొక్కండి.

పాలమూరు_కోడర్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

వెర్షన్ సంగతికి ఒక్క చేర్పు. ఘర్షణ వచ్చిన ప్రతిసారీ మనిషిని అడగడం ఎందుకు? ఒకరు లీటర్లు దిద్ది, ఇంకొకరు ఫ్యాట్ దిద్దితే రెండూ వేరే కాలమ్‌లు. దేనికది తీసుకుని కలిపేయొచ్చు. మనిషిని అడగాల్సింది ఇద్దరూ ఒకే కాలమ్ దిద్దినప్పుడే. నేను ఇలా రాసి చూశాను, బాగా పనిచేస్తోంది.

డిండి_డెవలపర్ | సోమవారం, రాత్రి 9:10

పాలమూరు అన్న చెప్పింది నచ్చి నిన్నటి టెస్ట్ సర్వర్ మీదే పెట్టి చూశాను. ఒక తేడా వచ్చింది, ఇక్కడ పెడుతున్నాను.

మొదట రెండు ఫోన్లలోనూ ఉన్నది 6.5 లీటర్లు, ఫ్యాట్ 6.0, మా చార్టులో దానికి లీటరు 50, మొత్తం 325. నెట్ తీసేసి, అబ్బాయి ఫోన్లో లీటర్లు 5.6 చేశాను. అక్కడ మొత్తం 280 అయింది. సెక్రటరీ ఫోన్లో ఫ్యాట్ 6.4 చేశాను. చార్టులో దానికి 53, మొత్తం 344.50. అబ్బాయి ఫోన్‌కు ముందు నెట్, తర్వాత సెక్రటరీ ఫోన్‌కు.

కలిపాక వచ్చింది: 5.6 లీటర్లు, ఫ్యాట్ 6.4, రేటు 53, మొత్తం 344.50. లీటర్లు సరే, ఫ్యాట్ సరే, రేటు సరే. కానీ 5.6ను 53తో గుణిస్తే 296.80 రావాలి. ఏ లోపం కనపడకుండా రైతు బిల్లులో 47.70 ఎక్కువ పడుతుంది. క్రమం మార్చి ఆడిస్తే మొత్తం 280 వస్తోంది, అప్పుడు రైతుకు 16.80 నష్టం.

మిర్యాల_టెస్టర్ | సోమవారం, రాత్రి 9:48

భలే పట్టుకున్నావు. రెండు క్రమాల్లోనూ ఆడించి, కాగితం మీది లెక్కతో పోల్చావు కాబట్టి దొరికింది. మూడు చోట్లా ఒకటే అంకె ఉందా అని మాత్రమే చూసి ఉంటే ఇది పాసే.

మొత్తం అనేది ఎవరూ చేత్తో రాసింది కాదు, లీటర్లూ ఫ్యాట్ చెప్పిన మాట. దాన్ని సింక్‌లోకే పంపొద్దు, కలిపాక ప్రతిచోటా మళ్లీ లెక్క కట్టు. రేటు కూడా అంతే, కాకపోతే ఆ రోజు ఏ చార్టు అమల్లో ఉందో ఆ గుర్తు ఎంట్రీలో ఉండాలి. లేకపోతే చార్టు మారిన రోజు పాత ఎంట్రీలకు కొత్త రేటు పడుతుంది.

అంతకంటే ముందు ఆలోచించాల్సింది, లీటర్లూ ఫ్యాట్ నిజంగా వేర్వేరా అన్నది. సెక్రటరీ గారు ఫ్యాట్ 6.4 అని దిద్దినప్పుడు ఆయన కళ్ల ముందు ఉన్నది 6.5 లీటర్ల ఎంట్రీ. ఆయన వేరే రైతు స్లిప్ చూసి దిద్దారేమో, 5.6 అని కనపడి ఉంటే ముట్టుకునేవారే కాదేమో. నేనైతే ఒక పూట ఎంట్రీని ఒకే ముద్దగా చూస్తాను. అందులో ఏ రెండు కాలమ్‌లు ఇద్దరు దిద్దినా మనిషిని అడుగుతాను. రైతు పేరు, ఫోన్ నంబరు లాంటివి మాత్రం పాలమూరు తమ్ముడి పద్ధతిలో విడివిడిగా కలపొచ్చు.

పాలమూరు_కోడర్ | సోమవారం, రాత్రి 10:20

మొత్తం సంగతి ఒప్పుకుంటాను, నేను రాసినదాంట్లోనూ ఇదే తప్పు ఉంది, రేపు సరిచేస్తాను. కానీ లీటర్లు, ఫ్యాట్ ముద్దగా చూడాలన్నది మాత్రం నాకు కుదరదనిపిస్తోంది అక్కా. రోజుకు నూట యాభై ఎంట్రీలుంటే ప్రతి చిన్నదానికీ "ఏది ఉంచాలి" అని అడిగితే అబ్బాయి చదవడు, పైనున్న బటన్ నొక్కేస్తాడు. అడగడమే ప్రమాదం అవుతుంది.

డిండి_డెవలపర్ | మంగళవారం, రాత్రి 8:15

ఇద్దరి మాటా విన్నాక మధ్యలో ఒకటి చేశాను. ఘర్షణ వస్తే పాలు పట్టే సమయంలో అబ్బాయిని అడగట్లేదు. ఎంట్రీ పక్కన ఎర్ర గుర్తు పడుతుంది, రెండు విలువలూ భద్రంగా ఉంటాయి, సాయంత్రం సెక్రటరీ గారు స్లిప్ చూసి ఒకటి ఎంచుకుంటారు. ఎంచుకునేదాకా ఆ ఎంట్రీ బిల్లులోకి రాదు. ఈ రోజు రెండే ఎర్ర గుర్తులు వచ్చాయి. బాకీని వరుసలుగా మార్చాక చాలావరకు గొడవలే లేవు.

ఇప్పుడు ఇంకో చిక్కు. పదిహేనో తేదీన బిల్లు మూసి డబ్బు పంచేశాక, అబ్బాయి పాత ఫోన్ ఒకటి పద్దెనిమిదిన తెరిచాడు. అందులో పన్నెండో తేదీ సాయంత్రం ఎంట్రీలు తొమ్మిది, పంపకుండా ఉండిపోయినవి. అవి సర్వర్‌కు చేరి, మూసిన బిల్లులో కూర్చున్నాయి. పంచిన డబ్బుకూ తెరమీది మొత్తానికీ ఇప్పుడు పొంతన లేదు. సర్వర్ ఇలాంటివి తిరస్కరించాలా?

కల్వకుర్తి_రైతుబిడ్డ | మంగళవారం, రాత్రి 8:52

మొదటి నుంచి చదువుతున్నాను, నాకు కోడ్ రాదు. మా నాన్న రెండు బర్రెల పాలు పోస్తాడు. తిరస్కరించొద్దు అన్నా. ఆ తొమ్మిది మంది ఆ సాయంత్రం నిజంగా పాలు పోశారు. తిరస్కరిస్తే ఆ పాలకు డబ్బెవరిస్తారు? కానీ ఇచ్చేసిన బిల్లు కాగితం మీద అంకె మాత్రం మారొద్దు. మా నాన్న ఆ కాగితం ట్రంకు పెట్టెలో దాస్తాడు. రేపు మీ ఫోన్లో వేరే అంకె ఉంటే ఆయన ఇంకెప్పుడూ నమ్మడు. వచ్చే బిల్లులో "పాత బాకీ పాలు, 12వ తేదీ సాయంత్రం" అని విడిగా రాసి కలపండి.

పాలమూరు_కోడర్ | మంగళవారం, రాత్రి 9:15

అది రైతుకు ఎక్కువ రావాల్సి ఉన్నప్పుడు బాగుంటుంది. ఆలస్యంగా వచ్చింది కొత్త ఎంట్రీ కాకుండా, 6.5ను 5.6 చేసే దిద్దుబాటైతే? వచ్చే బిల్లులో కోత పడుతుంది. రైతు ఒప్పుకుంటాడా?

కల్వకుర్తి_రైతుబిడ్డ | మంగళవారం, రాత్రి 9:21

స్లిప్ మీద 5.6 ఉంటే ఒప్పుకుంటాడు. స్లిప్ లేకపోతే ఒప్పుకోడు.

మిర్యాల_టెస్టర్ | మంగళవారం, రాత్రి 10:05

ఈ నిర్ణయం కోడ్ రాసేవాళ్లది కాదు తమ్ముడూ, కేంద్రం కమిటీది. వాళ్లను కూర్చోబెట్టి అడుగు. నీ వైపు నుంచి మాత్రం రెండు పనులు ఇప్పుడే చేయొచ్చు. మూసిన బిల్లుకు చెందిన ఏ వరుస వచ్చినా సర్వర్ దాన్ని తీసుకోవాలి, పారేయకూడదు, కానీ బిల్లులో కలపకుండా పక్కన వేరే చోట ఉంచాలి. రెండోది, ఫోన్లో పంపకుండా ఉన్నవి ఎన్ని అన్న అంకె తెర పైన ఎప్పుడూ కనపడాలి. బిల్లు మూసే ముందు ఏ ఫోన్ చివరిసారి ఎప్పుడు సర్వర్‌తో మాట్లాడిందో సెక్రటరీ గారికి చూపించు. పాత ఫోన్ పన్నెండో తేదీ నుంచి మౌనంగా ఉందని తెలిస్తే ఆయనే అబ్బాయిని అడిగేవారు.

దీనికి టెస్ట్: ఒక ఫోన్లో నెట్ తీసి మూడు ఎంట్రీలు కొట్టు, ఒక పాత ఎంట్రీ దిద్దు. రెండో ఫోన్ నుంచి బిల్లు మూయించు. తర్వాత మొదటి ఫోన్‌కు నెట్ ఇవ్వు. బిల్లు మొత్తం ఒక్క పైసా కదలకూడదు, నాలుగూ పక్క జాబితాలో కనపడాలి, ఆ ఫోన్లో పంపనివి సున్నా అని చూపించాలి.

డిండి_డెవలపర్ | బుధవారం, రాత్రి 9:40

ఆ టెస్ట్ ఇప్పుడే ఆడించాను. బిల్లు కదల్లేదు. మూడు కొత్తవీ పక్క జాబితాలోకి వచ్చాయి. దిద్దిన ఎంట్రీ మాత్రం రాలేదు, వెర్షన్ పాతదని సర్వర్ వెనక్కి పంపేసింది. బిల్లు మూసినప్పుడు నేను అన్ని వరుసల వెర్షన్ ఒకటి పెంచుతున్నాను, అదీ కారణం. ఫోన్ దాన్ని ఘర్షణ అనుకుని ఎర్ర గుర్తు పెట్టుకుంది, కానీ మూసిన బిల్లు తెరుచుకోదు కాబట్టి ఆ గుర్తు ఎవరికీ కనపడదు. ఈ రాత్రికి అది సరిచేస్తాను. కమిటీ మీటింగ్ శుక్రవారం. ఆ తొమ్మిది మంది స్లిప్పుల్లో ఏడు దొరికాయి, ఇంకో ఇద్దరి ఇళ్లకు రేపు అబ్బాయితో కలిసి వెళ్తున్నాను.